కడప అని రాస్తే కడాప అని చదివేవారి కోసం

కడప జిల్లా పేరును ఇంగ్లిషులో చాలాకాలం Cuddapah అని రాశారు. 2005లో దాన్ని అధికారికంగా Kadapa అని మార్చారు. పాత స్పెల్లింగు చూస్తే తెలుగువాళ్లకు ఒళ్లు మండడం సహజమే. ఊరి పేరులో ఉన్నవి మూడే అక్షరాలు. దానికి ఎనిమిది ఇంగ్లిషు అక్షరాలు, అందులో రెండు ‘డీ’లు, చివర ఎవరూ పలకని ఒక ‘హెచ్’. దొరలు నోరు తిరక్క రాసుకున్న రాత అనే మాట ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

కానీ తెలుగు ఒక్క ముక్క రాని ఇంగ్లిషు మనిషి ముందు ఈ రెండు స్పెల్లింగులనూ పెట్టి చదవమంటే కథ తిరగబడుతుంది. Kadapa చూసిన మనిషి చాలావరకు ‘కడాప’ అంటాడు. Cuddapah చూసినవాడు దాదాపు మనలాగే ‘కడప’ అంటాడు. మనం వెక్కిరించే ఆ రాతలో ప్రతి అక్షరానికీ ఒక పని ఉంది. ఇంగ్లిషువాడి కంటికి మన ‘అ’కు దగ్గరగా కనిపించేది u, బట్, కట్, కప్ అనే మాటల్లో అతను రోజూ వాడేది ఆ అక్షరాన్నే. రెండు ‘డీ’లు ఉన్నది ‘డ్డ’ అని ఒత్తమని కాదు, ముందున్న అచ్చును సాగదీయకుండా పొట్టిగా పలకమని. చివరి h అక్కడ ‘అ’ వినిపించాలని చెప్పే గుర్తు. Cuddapah తెలుగు అక్షరాలకు నకలు కాదు. అది చదివేవాడి నోటికి రాసిన సూచన.

ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఎక్స్‌లోనో ఒక తెలుగు మాటను హ్యాండిల్‌గా పెట్టుకోవాలనుకునేవాళ్లకు సరిగ్గా ఇదే చిక్కు ఎదురవుతుంది. తమ పేరునో, చేసే పనినో, పెట్టబోయే దుకాణాన్నో ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, తెలుగు రానివాళ్లు కూడా దాన్ని సరిగ్గా పలకాలని కోరుకుంటారు. మనకు అలవాటైన పద్ధతిలో రాస్తే మనవాళ్లు మాత్రమే సరిగ్గా చదువుతారు. చదవాల్సింది ఎవరో తేలితే తప్ప ఏ స్పెల్లింగు సరైనదో తేలదు.

ఈ తగువు మన భాష పేరు మీదే రెండు శతాబ్దాల కిందట నడిచింది. 1816లో ఏ.డి. క్యాంబెల్ అచ్చు వేయించిన వ్యాకరణం పేరులో మన భాష Teloogoo. 1840లో బ్రౌన్ వ్యాకరణం వచ్చేసరికి అది Telugu. మొదటిది కొత్తగా మద్రాసులో దిగిన ఇంగ్లిషు ఉద్యోగి చూడగానే తప్పు లేకుండా పలికే రాత. రెండోది చూడడానికి పొందికగా ఉంటుంది, కానీ u అంటే ఉకారమని ముందే తెలిసి ఉండాలి. ఆ రోజుల్లో భారతీయ భాషలను రోమన్ లిపిలో రాయడానికి రెండు దారులు ఉండేవి. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో హిందుస్తానీ బోధించిన జాన్ గిల్‌క్రిస్ట్ ఇంగ్లిషు స్పెల్లింగు అలవాట్లనే వాడుకున్నాడు. 1788లో వెలువడిన తన వ్యాసంలో విలియం జోన్స్ మాత్రం వ్యంజనాలకు ఇంగ్లిషు విలువలనూ, అచ్చులకు లాటిన్, ఇటాలియన్ భాషల విలువలనూ తీసుకున్నాడు. చివరికి జోన్స్ దారే నిలబడింది. ఇవాళ మనం పాస్‌పోర్టులో పేరు రాసినా, వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా మోటుగా నడిచేది ఆ దారిలోనే. పండితులకు అది మేలు చేసింది. దారిన పోయే పాఠకుడికి మాత్రం గిల్‌క్రిస్ట్ దారే దగ్గర.

పండితుల దగ్గర ఇంకా మంచి సాధనాలు లేకపోలేదు. అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టి తెలుగులోని ప్రతి ధ్వనినీ వేరుచేసి చూపే పద్ధతులు ఉన్నాయి. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి గీతలూ చుక్కలూ లేకుండా, పెద్దబడి చిన్నబడి తేడాతోనే పని నడిపింది. అందులో చిన్న t అంటే త, పెద్ద T అంటే ట. చిన్న l అంటే ల, పెద్ద L అంటే ళ. కంప్యూటర్‌లో తెలుగు కొట్టడానికి ఒక తరం తెలుగువాళ్లు దాన్ని చేతివాటంగా నేర్చుకున్నారు. హ్యాండిల్ విషయానికి వచ్చేసరికి ఇవేవీ పనికిరావు. ఎక్స్ హ్యాండిల్‌లో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప ఏదీ పట్టదు, అదీ 15కు మించకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 దాకా పడతాయి, చుక్కను కూడా ఒప్పుకుంటుంది. పెద్దబడికీ చిన్నబడికీ తేడా రెండింటిలోనూ చెల్లదు. మన యాభై పైచిలుకు అక్షరాలు ఇరవై ఆరింటిలో, అవీ చిన్నబడిలో ఇరుక్కోవాలి.

ఈ ఇరుకులో మొదట దెబ్బతినేది హల్లులు కావు, అచ్చులు. అందుకు కారణం ఇంగ్లిషువాళ్లు మాటలో ఎక్కడ ఊనిక వేస్తారన్న దాంట్లో ఉంది. తెలుగులో అన్ని అక్షరాలనూ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. హ్రస్వమా దీర్ఘమా అన్నదే మనకు ముఖ్యం. ఇంగ్లిషులో ప్రతి మాటకూ ఒకచోట బరువు పడాలి. బరువు పడిన అచ్చు నిండుగా వినిపిస్తుంది, మిగతావి నలిగిపోతాయి. banana అన్న మాటలో ఒకే అక్షరం మూడుసార్లు వచ్చింది, కానీ అమెరికావాడి నోట నిండుగా పలికేది మధ్యది ఒక్కటే. ముందు ఎప్పుడూ చూడని మాట, అందులోనూ అచ్చుతో ముగిసే మాట ఎదురైతే అతను ఎక్కువగా చివరి నుంచి రెండో అక్షరం మీద బరువు వేస్తాడు. టొమాటో, స్పఘెట్టి, టొయోటా, ఒబామా అన్నీ ఆ దారిలోనివే. తెలుగు మాటల్లో అధికభాగం అచ్చుతోనే ముగుస్తాయి కనుక ఈ అలవాటు మన మీద పడినంతగా మరో భాష మీద పడదేమో. కడప ‘కడాప’ అయ్యేదీ, కవిత ‘కవీట’ అయ్యేదీ ఇందువల్లే.

కమలా హ్యారిస్ పేరు దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. చూసినవాళ్లు ‘కమాల’ అంటూ వచ్చారు. 2019లో వచ్చిన తన పుస్తకంలో ఆమె తన పేరును కామా గుర్తులా పలకాలని, అంటే comma-la అని వివరించారు. గమనిస్తే ఆ వివరణ కూడా గిల్‌క్రిస్ట్ పద్ధతే: ఇంగ్లిషువాడికి అప్పటికే నోట్లో ఉన్న మాటను చేతికి ఇచ్చి, దాని పక్కన మనది తగిలించడం. రెండు m లు రాగానే బరువు మొదటికి జరిగింది. తెలుగు చెవికి అది ‘కమల’ కాదు, అమెరికా యాసలో ‘కామల’కు దగ్గర. అయినా ‘కమాల’ కంటే ఎంతో నయం. ఢిల్లీలో ఇదే పేరు ఇంకోలా మారుతుంది. హిందీ పాఠకుడు మధ్యలో ఉన్న అకారాన్ని మింగి, చివరిదాన్ని సాగదీసి ‘కమ్లా’ అంటాడు. ఒకే రాత, మూడు పలుకుబళ్లు.

చివరి నుంచి రెండో అక్షరం నిజంగానే దీర్ఘమైతే ఈ అలవాటే మనకు కలిసొస్తుంది. కూచిపూడిని Kuchipudi అని రాస్తారు. అందులో దీర్ఘాన్ని చూపే గుర్తు ఒక్కటీ లేదు. అయినా విదేశీయులు ‘కూచిపూడి’కి చాలా దగ్గరగా పలుకుతారు, ఎందుకంటే వాళ్ల బరువు పడే చోటే మన ‘పూ’ ఉంది. నాటు నాటు పాట 2023 మార్చిలో ఆస్కార్ గెలిచినప్పుడు ప్రపంచం ముందు నిలబడిన Naatu అన్న రాత ఇంకా మంచి ఉదాహరణ. రెండు a లు దీర్ఘాన్ని పట్టిచ్చాయి. అక్షరాలు రెండే కనుక బరువు పడే చోటే దీర్ఘమూ ఉంది. ఇంగ్లిషువాడి t మన ‘ట’కే దగ్గర. చివరి u ను ఎవరూ తప్పు చదవలేరు. ఆ మాటను ఎలా పలకాలో ఎవరికీ విడిగా నేర్పాల్సిన పని పడలేదు. Reddy కూడా ఇలాంటిదే. ‘రెడ్డి’లోని ఒత్తు ఇంగ్లిషులో పోతుంది, మిగతాదంతా ఒబ్బిడిగా అందుతుంది. పాత పుస్తకాల్లో కనిపించే Reddi అన్న రాత కంటే చివర y పెట్టినదే ఇంగ్లిషు కంటికి బాగా ఆనుతుంది.

హల్లుల్లో అసలైన పేచీ th తో వస్తుంది. లత, గీత, కీర్తి అన్న పేర్లను Latha, Geetha, Keerthi అని రాయడం దక్షిణాదిలో పాతుకుపోయిన అలవాటు. దానికి కారణం కూడా బలమైనదే. t ని ‘ట’కు కేటాయించాం కనుక ‘త’కు ఇంకో గుర్తు కావాలి. తమిళులూ మలయాళీలూ ఇలాగే రాస్తారు కనుక వాళ్లు తప్పు లేకుండా చదువుతారు. వింధ్య దాటగానే ఇది బెడిసికొడుతుంది. హిందీవాళ్లకు th అంటే ‘థ’. గీత ‘గీథా’ అవుతుంది. ఇంగ్లిషువాళ్లకు అది థింక్, థియరీ అన్నప్పుడు నాలుకను పళ్ల మధ్య పెట్టి ఊదే ధ్వని. మన భాషలో లేనే లేదు. Latha అన్న రాత అతనికి lathe లా, అంటే లేత్ మిషన్‌లా కనిపిస్తుంది.

అలాగని ఒట్టి t రాస్తే ఇంగ్లిషువాడు ‘లాట’ అంటాడు, ‘త’ పలకడు. ఇక్కడ రెండు తప్పుల్లో చిన్నదాన్ని ఎంచుకోక తప్పదు. ‘త’ బదులు ‘ట’ పలికితే మాట గుర్తుపట్టేలా మిగులుతుంది. ఊదుడు ‘థ’ పలికితే మాట రూపమే మారిపోతుంది. పైగా హిందీవాళ్లు త, ట రెండింటికీ t నే రాస్తారు కనుక సగం మంది దాన్ని ‘త’ అనే చదువుతారు. చదివేవాళ్లు దక్షిణాదివాళ్లే అయితే th ఉంచుకోవచ్చు. ఉత్తరాదికీ విదేశాలకూ వెళ్లే హ్యాండిల్‌లో h తీసేయడమే మంచిది. ఇంటిపేరులోనో, సర్టిఫికెట్లలోనో ముప్పై ఏళ్లుగా h తో ఉన్న పేరును హ్యాండిల్ కోసం మార్చుకోవడం ఎవరికైనా మనసొప్పని పని, ఆ ఇబ్బందిని తేలిగ్గా తీసుకోలేం. కొత్తగా పెట్టే పేరుకు మాత్రం ఆ బంధం లేదు.

dh సంగతి వేరు. ఇంగ్లిషువాడు ధర్మ, గాంధీ, బుద్ధ అన్న మాటలను చూసి చూసి అందులో h ను పట్టించుకోవడం మానేశాడు. అక్కడ ‘ద’కు d రాసినా dh రాసినా ఒకటే. హిందీవాడికే తేడా, అతను ‘ధ’ అంటాడు.

ఈ సూత్రాలన్నీ ఒక మాట మీద పెట్టి చూస్తే వాటి కష్టం అర్థమవుతుంది. పాడేరు, అరకు కొండల నుంచి తేనె తెచ్చి ఢిల్లీకీ, విదేశాల్లో ఉన్నవాళ్లకూ అమ్మే ఒక చిన్న వ్యాపారి ఉన్నాడనుకుందాం. సరుకు పేరే దుకాణానికి పెట్టుకోవాలని అతని కోరిక: తేనె. రెండక్షరాలు, అందమైన మాట, తెలుగువాళ్లలో తెలియనివాళ్లు ఉండరు. మొదట తోచే రాత tene. ఇంగ్లిషు పాఠకుడి కన్ను చివరి e ని చూడగానే దాన్ని మూగ అక్షరంగా లెక్కకడుతుంది. scene, gene అన్న మాటల వరుసలో tene చేరిపోయి ‘టీన్’ అవుతుంది. తేనె అమ్మే దుకాణం పదమూడేళ్ల పిల్లల దుకాణం అవుతుంది. thene అని రాస్తే ముందు th సమస్య, వెనక మూగ e సమస్య, రెండూ ఉంటాయి.

తెలుగులో ఎకారంతో ముగిసే మాటలన్నిటికీ ఈ గండం ఉంది. మల్లె, గిన్నె లాంటివన్నీ అంతే. వీటిలో గిన్నెకు ఇంకో ఆపద కూడా ఉంది. g తర్వాత i వస్తే ఇంగ్లిషువాడు చాలాసార్లు ‘జి’ అంటాడు. ginne చూస్తే ముందు అతనికి కనిపించేది జిన్ అనే మద్యం. ‘గి’ అనే పలకాలంటే ఇంగ్లిషులో ఒక ఉపాయం ఉంది, h చేర్చడం. అయితే ghinne అని రాస్తే హిందీవాడికి ‘ఘిన్’ కనిపిస్తుంది, దాని అర్థం రోత. వంట పాత్రలు అమ్మేవాడు పెట్టుకోదగ్గ పేరు కాదది. గాలి అన్న మాటకూ ఇదే గతి. gaali అని దీర్ఘం సరిగ్గా చూపించి రాస్తే హిందీలో అది తిట్టు. ఒక a తీసేసి gali అంటే సందు. ఏ రాత ఎంచుకున్నా, అవతలి భాషలో దానికి అప్పటికే ఏం అర్థం ఉందో ఒకసారి వెతకక తప్పదు.

మళ్లీ తేనె దగ్గరికి వద్దాం. చివరి ఎకారాన్ని బతికించడానికి teney అని రాస్తే money, honey వరుసలో ‘టెనీ’ అవుతుంది. tenay అని రాస్తే చివర బరువు పడి ‘టెనే’ అవుతుంది, దీర్ఘం ముందు నుంచి వెనక్కి వెళ్లిపోతుంది. ముందున్న ఏకారాన్ని పట్టుకుందామని tayne అంటే Wayne లాంటి పేరై ‘టేన్’ దగ్గర ఆగిపోతుంది. tayneh అని చివర h తగిలిస్తే ఆఖరుకు ‘టేనె’ వస్తుంది. పని జరిగింది. కానీ ఆ రాతను చూసి అందులో తేనె ఉందని ఏ తెలుగువాడూ పోల్చుకోలేడు. సీసా మీద అచ్చు వేస్తే అది అరబ్బీ పేరులా కనిపిస్తుంది.

ఇలాంటిచోట స్పెల్లింగుతో కుస్తీ పట్టడం ఆపి, మాటను మార్చుకోవడం మేలు. తెలుగులో తేనెకు చుట్టాలున్నాయి. తేనెటీగకు ‘తేనీగ’ అన్న పొట్టి రూపం ఉంది. తేనీగలో మూగపోయే e చివర లేదు. చివరి నుంచి రెండో అక్షరం ‘నీ’, అది దీర్ఘం, బరువు పడేదీ అక్కడే. teneega అని రాస్తే ఇంగ్లిషువాడు ‘టెనీగ’ అంటాడు. g తర్వాత a ఉంది కనుక ‘జ’ అయ్యే భయం లేదు. ఒక్క ‘తే’ దీర్ఘమే కుంగింది. దాన్ని కూడా నిలబెట్టాలంటే they, grey మాటల్లోని ey ని తెచ్చి teyneega అనవచ్చు. అప్పుడు వినిపించేది ‘టేనీగ’. హిందీవాడు కూడా ఇంచుమించు ‘తేనీగా’ అనే అంటాడు. ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌లో కూడా హాయిగా పడుతుంది.

ఈ రెండింటిలో ఏది? ఇక్కడిదాకా చెప్పింది అంతా ఇంగ్లిషు స్పెల్లింగు అలవాట్లను బట్టి వేసిన అంచనా. అంచనా తప్పడానికి ఒక పెద్ద కారణం ఉంది. ఇంగ్లిషు పాఠకుడి కంటికి రెండు రకాల చూపులున్నాయి. మాట తన భాషదని తోస్తే ఒక రకంగా, పరాయిదని తోస్తే ఇంకో రకంగా చదువుతాడు. పరాయిదనుకుంటే ఇటాలియన్ పద్ధతిలో a ని ‘ఆ’ అనీ, u ని ‘ఊ’ అనీ చదవబోతాడు. గిల్‌క్రిస్ట్ కాలపు ఉపాయం ఇక్కడే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. Punjab లో u పెట్టింది ‘అ’ పలకమని. అమెరికాలో చాలామంది దాన్ని పరాయి మాటగా చూసి ‘పూంజాబ్’ అంటారు. దీనికి సరిగ్గా తలకిందులు ముగ్గు. muggu ను పరాయి మాటగా చూస్తే ‘మూగు’ అంటారు, అది మన ముగ్గుకు దగ్గరే. కానీ మొదట్లోనే mug అన్న మాట కనిపిస్తోంది కనుక ‘మగ్గు’ అనేవాళ్లే ఎక్కువ కావచ్చు. చూపు ఎటు పోతుందో బల్ల దగ్గర కూర్చుని తేల్చలేం. అందుకే మనుషుల చేత చదివించి చూడాలి.

చదివించడానికీ ఒక పద్ధతి ఉంది. చేసే తప్పు ఎక్కువగా ఒకటే: “మా దుకాణం పేరు తేనీగ, ఈ స్పెల్లింగు బాగుందా?” అని అడగడం. పేరు ఒకసారి చెవిన పడ్డాక ఏ స్పెల్లింగైనా సరిగ్గానే చదువుతారు. తెలుగువాళ్లను అడగడం కూడా వృథాయే, వాళ్లు అక్షరాల వెనక మాటను పోల్చుకుంటారు. తెలుగు రానివాళ్లను ఆరేడుగురిని ఎంచుకోవాలి. ఉత్తరాదివాళ్లు కొందరు, ఇంగ్లిషే మాతృభాషగా ఉన్నవాళ్లు కొందరు ఉండాలి. హ్యాండిల్‌ను ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో అలాగే, అన్నీ చిన్నబడిలో, కాగితం మీద రాసి, ఇంకో నాలుగైదు పేర్ల మధ్యలో పెట్టి, ఏమీ చెప్పకుండా చదవమనాలి. మొదటిసారి పలికిందే లెక్క. చదివేవాడు ఒక్క క్షణం ఆగితే ఏ అక్షరం దగ్గర ఆగాడో గమనించాలి, అక్కడే రాత బలహీనంగా ఉంది. అందరూ ఒకే తప్పు చేస్తే స్పెల్లింగు మార్చాలి. తలా ఒక తప్పు చేస్తే ఆ మాటే ఇంగ్లిషు అక్షరాల్లో ఇమడదని అనుకోవచ్చు.

ఆ తర్వాత ఎదురు పరీక్ష పెట్టాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత వగచేది ఇక్కడే. వేరే కొందరికి ఫోన్ చేసి, పేరును నోటితో పలికి, వెతకడానికి ఎలా కొడతారో రాయమనాలి. హ్యాండిల్‌ను జనం చదవడమే కాదు, ఎవరో చెబితే విని వెతుకుతారు కూడా. teyneega ను విన్నవాడు tenega, taniga, tayniga ఇలా ఏదైనా కొట్టవచ్చు. పలకడానికి సహాయం చేసే ప్రతి అదనపు అక్షరం వెతకడానికి అడ్డు వస్తుంది. ఎక్కువమంది చేతికి teneega వచ్చేట్టు ఉంటే, దీర్ఘం కొంచెం కుంగినా దాన్నే తీసుకోవడం తెలివైన పని. వెతికేవాడు చేరలేని పేరును ఎంత చక్కగా పలికినా లాభం లేదు. వీలైతే రెండో రాతను కూడా ముందే తన పేరున తీసుకుని, అక్కడ అసలు చిరునామా రాసి ఉంచవచ్చు.

రెండు మాటలు కలిపి పెట్టేవాళ్లు ఇంకొక చోట జారిపడతారు. మన ఇల్లు అన్న మాటలను కలిపి manaillu అని రాస్తే తెలుగు రానివాడికి కనిపించేది ‘మనైల్’ అన్న ఏదో ఒకటి. రెండు అచ్చులు పక్కపక్కన పడితే అతను వాటిని ఒకటిగా కలిపేస్తాడు. తెలుగుతల్లిని teluguthalli అని రాస్తే ‘తెలుగుథ్’ దగ్గర విరుగుతుంది. మధ్యలో కింది గీత పెడితే mana_illu అని ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. చుక్క కూడా ఆ పనే చేస్తుంది కానీ ఎక్స్‌లో చెల్లదు, కాబట్టి రెండు చోట్లా ఒకే పేరు కావాలనుకునేవాళ్లకు గీతే దిక్కు. నోటితో చెప్పేటప్పుడు మాత్రం ఆ గీతను ప్రతిసారీ విడమరిచి చెప్పాలి.

ఏ రాతతోనూ దాటలేని హద్దులు కొన్ని ఉన్నాయి. ళ, ణ ఇంగ్లిషువాడి నోట ల, న అవుతాయి. నాదెళ్ల ‘నడెల’ అయ్యింది, మైక్రోసాఫ్ట్ అధిపతి పేరును ప్రపంచమంతా అలాగే పిలుస్తోంది. కల, కళ రెండూ kala లో పడిపోతాయి. ఇంగ్లిషువాడు ‘కాల’ అంటాడు, హిందీవాడు సందర్భాన్ని బట్టి ‘కలా’ అని కళనో, ‘కాలా’ అని నలుపునో చూస్తాడు. ఒత్తులు కూడా నిలవవు. అమ్మ ‘అమ’ అవుతుంది. స్పానిష్‌లో j ‘హ’కు దగ్గర, జర్మన్‌లో ‘య’. కాబట్టి జాజి అన్న పూల దుకాణం మాడ్రిడ్‌లో ‘హాహి’, బెర్లిన్‌లో ‘యాయి’. ఏ ఒక్క రాతా అన్ని దేశాలకూ సరిపోదు. కొనేవాళ్లు ఎక్కువగా ఎక్కడున్నారో చూసుకుని ఆ నోటికి రాయాలి.

హ్యాండిల్ పక్కన కనిపించే పేరు గడికి మాత్రం ఈ ఇరుకు లేదు. అక్కడ తెలుగు లిపి చక్కగా పడుతుంది. తేనె వ్యాపారి హ్యాండిల్‌గా teneega ను తీసుకుని, పేరు గడిలో ‘తేనీగ’ అని తెలుగులో రాసుకుంటే, విశాఖలో ఉన్న కొనుగోలుదారు దాన్ని చదువుకుంటాడు, లండన్‌లో ఉన్నవాడు కింద ఉన్న ఇంగ్లిషు రాతను ‘టెనీగ’ అని పలుకుతాడు. సీసా మీద కూడా అదే వరుస: పైన పెద్ద అక్షరాల్లో తెలుగు, కింద చిన్నబడిలో హ్యాండిల్.